అంగుళం ఎత్తుకు అడుగు పొడవు

మన వీధుల్లో ఇంటి ముందు ర్యాంపులకు కొదవ లేదు. కాకపోతే అవన్నీ స్కూటరు ఎక్కించడానికి కట్టినవి. రెండడుగుల ఎత్తును ఆరేడు అడుగుల దూరంలో లేపేస్తారు. ఇంజను ఉంది కాబట్టి బండి ఎక్కేస్తుంది. ఇంట్లో పెద్దాయనకు పక్షవాతం వచ్చి చక్రాల కుర్చీ కొన్నాక మేస్త్రీని పిలిస్తే, అతను చేతి అలవాటుగా అదే వాలు పోసి వెళతాడు.

మనిషి, కుర్చీ కలిపి 100 కిలోలు అనుకుందాం. నాలుగడుగులకు ఒక అడుగు లేచే వాలు మీద ఆ కుర్చీ జారకుండా పట్టుకోవడానికే దాదాపు 24 కిలోల బలం కావాలి. పన్నెండడుగులకు ఒక అడుగు లేస్తే 8 కిలోలు చాలు. తోసేది డెబ్భై ఏళ్ళ ఇల్లాలైతే ఈ తేడా ఏమిటో చెప్పక్కర్లేదు. దిగేటప్పుడు ఆ బరువంతా ఆమె చేతుల మీదే ఆగాలి. అందుకే కేంద్రం 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ 1:12 కంటే నిటారు వాలు వద్దన్నారు. మేస్త్రీకి చెప్పేటప్పుడు నిష్పత్తులెందుకు? అంగుళం ఎత్తుకు అడుగు పొడవు అంటే సరిపోతుంది.

అసలు చిక్కు స్థలంతోనే. గేటు దగ్గరి నేల నుంచి వరండా రెండడుగుల ఎత్తు, అంటే 24 అంగుళాలు. కాబట్టి ర్యాంపు 24 అడుగులు. పైనా కిందా కుర్చీ నిలిచేందుకు అయిదేసి అడుగుల చదును కలిపితే 34 అడుగులు. ముప్పై అడుగుల ముఖం ఉన్న ఇంటి ముందు అది తిన్నగా పట్టదు. దాన్ని మధ్యకు మడవాలి: పన్నెండడుగులు ఎక్కి, అయిదడుగుల చదును మీద వెనక్కి తిరిగి, మళ్ళీ పన్నెండడుగులు. ఒక్కో వరుసకు పట్టాల మధ్య నాలుగడుగుల వెడల్పు ఖాళీగా ఉండాలి. మధ్యలో పట్టాకు చోటుతో కలిపి మొత్తం వెడల్పు సుమారు తొమ్మిది అడుగులు, పొడవు 22 అడుగులు. ముంగిట్లో మోటారుసైకిలు చోటు పోతుంది, పోనివ్వాలి.

అంత చోటు లేకపోతే ఎత్తునే తగ్గించుకోవచ్చు. గేటు నుంచి పదడుగుల మేర నేలను ఇరవైకి ఒకటి వాలుతో మట్టి పోసి లేపితే ఆరంగుళాలు కలిసొస్తాయి. అంత సన్నని వాలు మామూలు నడకదారి లాంటిదే, వాన నీళ్ళు గేటు వైపుకే పోతాయి. ఇక కట్టాల్సిన ర్యాంపు 18 అడుగులే.

మలుపు దగ్గరి చదును, తలుపు ముందరి చదును నిజంగా చదునుగా ఉండాలి. స్థలం మిగులుతుందని అక్కడ కూడా కాస్త వాలు పెడితే, తాళం తీస్తున్నంత సేపూ కుర్చీ వెనక్కి లాగుతూనే ఉంటుంది. దోమల జాలీ తలుపు బయటికి తెరుచుకునేదైతే, అది తిరిగేంత చోటు ఆ అయిదడుగులకు అదనంగా కావాలి. లేకపోతే తలుపు తీయడానికి కుర్చీని వాలు మీదికి వెనక్కి నెట్టాల్సి వస్తుంది.

ఇంత చేశాక గడప అడ్డం వస్తుంది. నాలుగంగుళాల గడపను కుర్చీ ముందున్న చిన్న చక్రాలు దాటలేవు. అడుగు పొడవున్న చెక్క వాలు వేస్తే లాభం లేదు, లెక్క ప్రకారం నాలుగడుగులు కావాలి. కొత్తగా కడుతున్నవాళ్ళు గడప పై అంచును లోపలి గచ్చుకూ బయటి చదునుకూ సమంగా దించి బిగించుకోవచ్చు, అరంగుళం తేడా పర్వాలేదు. పసుపు, బొట్టు అప్పుడూ పెట్టుకోవచ్చు.

చేతిపట్టాలు రెండు వైపులా ఉండాలని ఊరికే అనరు. కుడిచెయ్యి పడిపోయినవాళ్ళకు ఎక్కేటప్పుడు ఎడమ పట్టా ఆసరా, దిగేటప్పుడు ఆసరా అయ్యేది రెండోది. నిలబడి నడిచేవాళ్ళకు 36 అంగుళాల ఎత్తులో ఒక గొట్టం, కుర్చీలో ఉన్నవాళ్ళకు 30 అంగుళాల దగ్గర మరొకటి. గుప్పిట్లో ఇమిడే ఒకటిన్నర అంగుళం గుండ్రని గొట్టం, గోడకు రెండంగుళాల ఎడం. వాలు మొదలవక ముందు ఒక అడుగు, ముగిశాక ఒక అడుగు పట్టా సాగాలి, ఎందుకంటే కాలు తడబడేది ఆ రెండు చోట్లే. గోడలేని వైపు అంచున నాలుగంగుళాల దిమ్మె కడితే చక్రం జారిపోదు.

కర్రతో నడిచే కొందరికి ర్యాంపు దిగడం కంటే పట్టా ఉన్న మెట్లే సులువు. వాలు ఒంటిని ముందుకు తోస్తుంది. కాబట్టి పాత మెట్లు పగలగొట్టొద్దు. ఇక పైపూతకు నున్నటి గ్రానైటు అసలే పనికిరాదు. రోజూ కడిగే వాకిలి అది. చీపురు గీతలు పెట్టిన సిమెంటు చాలు.

ఇదంతా కాంక్రీటు పచ్చిగా ఉన్నప్పుడే చూసుకోవాలి. నాలుగడుగుల పట్టీ ఒక కొసను వాలు మీద ఆనించి, రసమట్టంతో తిన్నగా పట్టుకుంటే, దిగువ కొస కింద ఖాళీ నాలుగంగుళాలకు మించకూడదు. అదే పట్టీని అడ్డంగా పెడితే ఖాళీ అంగుళంలోపే ఉండాలి. అంతకు మించితే కుర్చీ ఓ పక్కకు లాగుతుంది. మధ్యలో ఒక్కచోట చూస్తే చాలదు. మేస్త్రీలు మొదటి అడుగునూ చివరి అడుగునూ కొంచెం నిటారుగా కలిపేస్తుంటారు, అక్కడే పట్టీ పెట్టి చూడాలి.