అతుకు కనపడని ముఖం

ట్యూబులైటు వెలుగులో తీసిన ఒక ముఖాన్ని కత్తిరించి, సాయంత్రపు ఎండలో నిలబడ్డ మరో మనిషి ఫొటోలో పెట్టాలనుకుందాం. కళ్లు, ముక్కు, నోరు సరైన చోట కూర్చునేలా ముఖాన్ని సాగదీయడం కంప్యూటర్‌కు పెద్ద పని కాదు. చిక్కంతా రంగుతోనే. దవడ వెంబడి గీత గీసినట్టు అతుకు తెలిసిపోతుంది. అంచును మసకబారిస్తే ఆ గీత పోతుంది గానీ, ముఖం ఒక వెలుగులోనూ మెడ మరో వెలుగులోనూ ఉండిపోతాయి.

ఈ చిక్కును విప్పే దారిని 2003లో పాట్రిక్ పెరెజ్, మిషెల్ గంగ్నే, ఆండ్రూ బ్లేక్ అనే ముగ్గురు చూపించారు. బ్రిటన్‌లోని మైక్రోసాఫ్ట్ పరిశోధనశాలలో పనిచేస్తూ, ఆ ఏడాది సిగ్‌గ్రాఫ్ సదస్సులో వాళ్లు తమ పద్ధతిని ప్రకటించారు. దానికి ఆధారం ఫ్రెంచి గణితవేత్త సిమియోన్ డెనిస్ పాయిజాన్ పేరు మీద ఉన్న సమీకరణం. స్టాటిస్టిక్స్ చదివినవాళ్లకు పరిచయమైన పాయిజాన్ ఈయనే. అందుకే దీన్ని పాయిజాన్ బ్లెండింగ్ అంటారు. అతుకు పడకుండా అతికించే ఆ పనికి సీమ్‌లెస్ క్లోనింగ్ అని పేరు.

మన కన్ను ఒక చోటి వెలుగు ఎంతో కొలిచి చూడదు. పక్కపక్కన ఉన్న చోట్ల మధ్య తేడాను పట్టుకుంటుంది. ముక్కు అంచు, పెదవి గీత, బుగ్గ మీది మచ్చ అన్నీ తేడాలే. వెలుగు నెమ్మదిగా, పరచుకున్నట్టు మారితే మాత్రం కన్ను దాదాపు పట్టించుకోదు. అందుకే ఈ పద్ధతి ముఖంలోని రంగుల్ని వదిలేసి, పక్కపక్క పిక్సెళ్ల మధ్య తేడాల్ని మాత్రం తీసుకుంటుంది. అంచు దగ్గర రంగు ఎంత ఉండాలో కొత్త ఫొటో చెబుతుంది. ఈ రెంటినీ కలిపి లోపలి రంగులన్నీ మళ్లీ లెక్కగడతారు.

లెక్క చూస్తే విషయం తేటపడుతుంది. ముఖంలో అడ్డంగా ఒక్క వరుస తీసుకుందాం. ఆరు పిక్సెళ్ల వెలుగు 180, 182, 190, 170, 186, 190. వీటిలో మొదటిదీ చివరిదీ అంచు మీదివి. కొత్త ఫొటోలో అదే అంచు దగ్గర ఎడమవైపు 120, కుడివైపు 140 ఉంది. అంటే ఎడమ చివర 60 తగ్గించాలి, కుడి చివర 50 తగ్గించాలి. మధ్యలోవాటికి ఆ తగ్గింపును సమానంగా పంచితే 58, 56, 54, 52 వస్తాయి. ఫలితం 120, 124, 134, 116, 134, 140. పాత వరుసలో మూడో పిక్సెల్ నుంచి నాలుగోదానికి 20 దిగుడు ఉండేది, కొత్తదాంట్లో 18 ఉంది. మిగతా ప్రతి తేడా కూడా రెండేసి మాత్రమే మారింది. ముఖం ముఖంలాగే ఉంది, అంచు మాత్రం కొత్త ఫొటోతో సరిగ్గా కలిసింది.

ఫొటోలో పిక్సెళ్లు అడ్డంగానే కాక నిలువుగానూ ఉంటాయి కాబట్టి ఈ పంపకం అంత తేలిగ్గా కుదరదు. ఎత్తుపల్లాలున్న చట్రానికి బిగించిన పల్చని రబ్బరు పొర చట్రం అంచుల్ని బట్టి ఎలా ఒంపు తిరుగుతుందో, దిద్దుబాటు కూడా ముఖమంతా అలా పరచుకుంటుంది. ప్రతి పిక్సెల్‌కూ దాని నాలుగు పక్కల వాటితో ముడిపడిన ఒక సమీకరణం వస్తుంది. నలభై వేల పిక్సెళ్ల ముఖమైతే నలభై వేల సమీకరణాలు, అవీ ఎరుపు, ఆకుపచ్చ, నీలాలకు విడివిడిగా. ఒక్కో సమీకరణంలో గరిష్ఠంగా ఐదు పిక్సెళ్లే ఉంటాయి కాబట్టి కంప్యూటర్ వీటిని త్వరగానే తేల్చేస్తుంది.

ఓపెన్‌సీవీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇదంతా ఒక్క ఆదేశంలో ఇమిడిపోయింది. దానికి ముందు ముఖాన్ని సిద్ధం చేయాలి. డీలిబ్ అనే మరో ఉచిత సాధనం రెండు ముఖాల మీదా 68 గుర్తు బిందువులు పెడుతుంది. వాటిని త్రిభుజాలుగా కలిపి, ఒక ముఖంలోని ఒక్కో త్రిభుజాన్నీ రెండో ముఖంలో దానికి సరిపడే త్రిభుజంలోకి సాగదీస్తారు. అన్నిటికంటే బయట ఉన్న బిందువుల్ని కలిపితే వచ్చే ఆకారమే మాస్క్. ఆ తర్వాత మిగిలేది ఇంతే:

```python
x, y, w, h = cv2.boundingRect(mask)
center = (x + w // 2, y + h // 2)
out = cv2.seamlessClone(warped, target, mask, center, cv2.NORMAL_CLONE)
```

మొదటి రెండు వరుసల్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. మాస్క్ చుట్టూ గీసిన పెట్టె నడిమధ్య బిందువే ఇక్కడ కావాలి. ముక్కు కొననో, బిందువుల సగటునో ఇస్తే ముఖం మొత్తం పక్కకు జరిగిపోతుంది.

అసలు కష్టం మాస్క్ అంచుతోనే. పైన చెప్పిన 68 బిందువులు నుదుటిని తాకవు, కనుబొమల దగ్గరే ఆగిపోతాయి. అంటే మాస్క్ పై అంచు సరిగ్గా కనుబొమల వెంట్రుకల మీదుగా పోతుంది. పక్కనున్న చర్మం దగ్గర తగ్గించాల్సింది 60 అయితే, కొత్త ఫొటోలో వెంట్రుక ఉన్న చోట వెలుగు 30, పాత ముఖంలో అదే చోట చర్మం వెలుగు 190 ఉండొచ్చు. అక్కడ 160 తగ్గించమని లెక్క చెబుతుంది. ఆ నలుపు అంచు దగ్గరే ఆగదు, మసిమరకలా కంటి మీదికి దిగుతుంది. దవడ దగ్గర అంచు ఒక్క పిక్సెల్ బయటికి పోయి వెనక ఉన్న పచ్చగోడను తాకితే గడ్డానికి పచ్చదనం అంటుతుంది. చేయి తిరిగినవాళ్లు అందుకే మాస్క్‌ను పైకి నుదుటి నున్నని చర్మం దాకా పెంచుతారు, దవడ దగ్గర కొన్ని పిక్సెళ్లు లోపలికి కోస్తారు. రెండు ఫొటోల్లోనూ అంచు చర్మం మీదే నడిస్తే సగం పని అయినట్టే.

ఓపెన్‌సీవీలో `MIXED_CLONE` అనే మరో రకం కూడా ఉంది. రెండు ఫొటోల్లో ఏ తేడా పెద్దదైతే దాన్ని ఉంచుతుంది. గోడ మీద అక్షరాలు అతికించడానికి అది చక్కగా పనికొస్తుంది. ముఖానికి వాడితే మాత్రం కింద ఉన్న మనిషి కనుబొమలు, మీసం పైకి తేలతాయి.

అంచు ఎంత బాగా కుదిరినా ఈ పద్ధతి దాటలేని హద్దులు కొన్ని ఉన్నాయి. దిద్దుబాటుకు ఏది చర్మమో ఏది కన్నో తెలియదు. ముఖాన్ని చామనఛాయలోకి మార్చడానికి ఎరుపులో 20, ఆకుపచ్చలో 55, నీలంలో 70 తగ్గించాల్సి వచ్చిందనుకోండి. 230, 228, 225గా ఉన్న కంటి తెలుపు కూడా 210, 173, 155 అయి గోధుమరంగుకు తిరుగుతుంది. పళ్లకూ అదే గతి. అతికించిన ముఖమని అనుమానం వస్తే ముందుగా కళ్లలోని తెలుపును మెడ పక్కనున్న తెల్లచొక్కాతో పోల్చి చూడటం మంచిది. వెలుగు దిక్కును కూడా ఈ లెక్క మార్చలేదు. పాత ఫొటోలో ముక్కు నీడ ఎడమవైపు పడితే అది కూడా ఒక తేడాయే కాబట్టి భద్రంగా వచ్చేస్తుంది. మెడ నీడ కుడివైపు ఉంటే రెండూ పొసగవు.

తేడాలన్నిటినీ ఇంత నమ్మకంగా మోసుకురావడం వల్లే అతికింపు పట్టుబడుతుంది కూడా. ప్రతి ఫొటోలోనూ దాన్ని తీసిన కెమెరా వదిలిన సన్నని రేణువు ఉంటుంది, తక్కువ వెలుగులో తీస్తే అది మరింత ముతకగా ఉంటుంది. ముఖంతో పాటు దాని రేణువు కూడా కొత్త ఫొటోలోకి వస్తుంది. వంద పిక్సెళ్ల వెడల్పున్న ముఖాన్ని మూడు వందలకు సాగదీస్తే రేణువు చెదిరి బుగ్గలు నున్నబడతాయి, మెడ మాత్రం గరుకుగానే ఉంటుంది. 2020లో ప్రకటించిన ఫేస్ ఎక్స్-రే అనే పద్ధతి ఈ ఆధారంతోనే పనిచేస్తుంది. అది ముఖం ఎవరిదన్న ప్రశ్న జోలికి పోదు. రేణువులాంటి జాడలు ఏ గీత దగ్గర మారుతున్నాయో వెతికి, అతికించిన అంచును బొమ్మగా గీసి చూపిస్తుంది. అలాంటి అంచే లేని మామూలు ఫొటో ఇస్తే, ఆ బొమ్మ ఖాళీగా రావాలి.