ఖాళీగా ఉన్నా మేసే ఇన్వర్టర్

ఊరికి దూరంగా చేలో రెండు గదుల ఇల్లు. అక్కడిదాకా కరెంటు లైను లాగించాలంటే ఖర్చు ఎక్కువని డాబా మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించుకున్నారు. షాపువాడు ‘రేపు ఫ్రిజ్ కొంటారు, ఎల్లుండి మోటారు పెడతారు, ఎందుకైనా మంచిది’ అని 5 కేవీఏ ఇన్వర్టర్, దానికి నాలుగు బ్యాటరీలు ఇచ్చాడు. ఇంట్లో వాడేది మాత్రం మూడు ఎల్ఈడీ బల్బులు, రెండు ఫ్యాన్లు, ఒక చిన్న టీవీ, రెండు ఫోన్లు. ఇలాంటి ఇళ్లలో తెల్లారేసరికి బ్యాటరీ బాగా దిగిపోతుంటే అందరూ ముందు బ్యాటరీనే అనుమానిస్తారు. చాలాసార్లు తినేది దాని పక్కనే ఉన్న ఇన్వర్టర్.

ముందు ఆ ఇంటి వాడకం లెక్క వేద్దాం. 9 వాట్ల బల్బులు మూడు ఐదు గంటలు వెలిగితే 135 వాట్ అవర్లు. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు పది గంటలు తిరిగితే 600. 40 వాట్ల టీవీ నాలుగు గంటలకు 160. ఫోన్లకు ఓ 30. మొత్తం 925 వాట్ అవర్లు, అంటే రోజుకు ఒక యూనిట్ కూడా లేదు.

ఇక ఇన్వర్టర్ సంగతి. ఇంట్లో అన్ని స్విచ్‌లూ కట్టేసినా, ఆన్‌లో ఉన్నంతసేపూ అది బ్యాటరీ నుంచి కొంత లాగుతూనే ఉంటుంది. 5 కేవీఏ యంత్రాల్లో ఈ ఖాళీ వాడకం 50, 60 వాట్లు ఉండటం మామూలే. 60 అనుకుంటే 24 గంటలకు 1,440 వాట్ అవర్లు. ఇల్లంతా కలిసి వాడుకున్న దానికన్నా ఒకటిన్నర రెట్లు! అదే 12 వాట్లు తినే 1 కేవీఏ ఇన్వర్టర్ అయితే రోజుకు 288తో సరిపెడుతుంది. తేడా రోజుకు 1.15 యూనిట్లు. మన ఎండకు కిలోవాట్ ప్యానెళ్ల మీద రోజుకు సుమారు నాలుగు యూనిట్లు వస్తాయి. అంటే 500 వాట్ల ప్యానెల్ ఒకటి పొద్దంతా ఎండలో కాగి తయారుచేసిన దాంట్లో సగానికి పైగా ఈ తేడాకే పోతోంది.

ఎందుకు తింటుంది? అవతల ఫ్యాను ఉన్నా లేకపోయినా 230 వోల్టులను సిద్ధంగా నిలబెట్టి ఉంచడమే దాని పని. అందుకోసం లోపలి ట్రాన్సిస్టర్లు సెకనుకు వేలసార్లు ఆన్, ఆఫ్ అవుతూ ఉండాలి. ట్రాన్స్‌ఫార్మర్ ఇనుప కోర్‌లో అయస్కాంతం సెకనుకు 50 సార్లు అటూ ఇటూ తిరగాలి. కంట్రోల్ బోర్డు, డిస్‌ప్లే, కొన్నింట్లో చల్లబరిచే ఫ్యాను కూడా నడవాలి. పెద్ద లోడు మోయడానికి తయారైన యంత్రంలో ట్రాన్సిస్టర్లు ఎక్కువ, ట్రాన్స్‌ఫార్మర్ పెద్దది, కాబట్టి ఈ స్థిర ఖర్చూ పెద్దదే. పెళ్లికి తవ్విన గాడిపొయ్యి మీద గ్లాసుడు టీ కాచినట్టు, పొయ్యి వేడెక్కడానికి పట్టే కట్టెలే టీకి పట్టే వాటికన్నా ఎక్కువవుతాయి.

దీనికి తోడు లోడును బట్టి పెరిగే నష్టం వేరే ఉంది. తీగల్లో, ట్రాన్సిస్టర్లలో కరెంటు పారేటప్పుడు పుట్టే వేడి అది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. ఈ రెండు నష్టాలూ కలిసి ఎఫిషియెన్సీ గీతకు ఒక ఆకారం ఇస్తాయి. లోడు చాలా తక్కువున్నప్పుడు స్థిర ఖర్చు దెబ్బకు గీత అడుగున ఉంటుంది, లోడు పెరిగేకొద్దీ ఒక్కసారిగా పైకి లేస్తుంది, సామర్థ్యంలో మూడో వంతు నుంచి సగం దాకా వెళ్లేసరికి శిఖరానికి చేరుతుంది, ఆ తర్వాత వేడి నష్టం వల్ల మెల్లగా వంగుతుంది. పెట్టె మీద అచ్చువేసే ‘93 శాతం’ ఆ శిఖరం దగ్గరిది. మన ఇల్లు బతికేది గీతకు ఎడమ అంచున.

రాత్రి రెండింటికి చూడండి. రెండు ఫ్యాన్లు మాత్రం తిరుగుతున్నాయి, 60 వాట్లు. పెద్ద ఇన్వర్టర్ బ్యాటరీ నుంచి ఆ 60, తన సొంతానికి 60, వేడికి మరో రెండు మూడు కలిపి 123 వాట్ల దాకా లాగుతుంది. ఎఫిషియెన్సీ 49 శాతం. చిన్నది అదే పనికి 76 వాట్ల దాకా లాగుతుంది, 79 శాతం. అదే పెద్ద యంత్రానికి 500 వాట్ల లోడు ఇస్తే 86 శాతానికి లేస్తుంది. యంత్రం చెడ్డది కాదు, దానికి ఈ ఇంట్లో సరిపడా పని లేదు.

దీని ప్రభావం బాగా తెలిసేది ముసురు రోజుల్లో. నాలుగు 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీల్లో మొత్తం 7,200 వాట్ అవర్లు ఉంటాయి. బ్యాటరీ మన్నాలంటే సగమే వాడుకోవాలి, 3,600. ఎండ అసలు రాకపోతే పెద్ద ఇన్వర్టర్‌తో ఆ ఇల్లు ఒకటిన్నర రోజు గడుస్తుంది. అంతే నిల్వతో చిన్నదైతే దాదాపు మూడు రోజులు.

మీ ఇన్వర్టర్ ఎంత తింటోందో చూడాలంటే డీసీ కొలిచే క్లాంప్ మీటర్ కావాలి. ఎలక్ట్రీషియన్ల దగ్గర ఎక్కువగా ఉండే ఏసీ క్లాంప్ దీనికి పనికిరాదు. ముందు సోలార్ వైపు స్విచ్ దించేయండి, లేకపోతే ఛార్జింగ్ కరెంటు లెక్కలో కలుస్తుంది. కరెంటు లైను కూడా ఉన్న ఇల్లయితే ఆ ఇన్‌పుట్ కూడా ఆపాలి. ఇంట్లోకి వెళ్లే ఎంసీబీ దించండి, ఇన్వర్టర్‌ను మాత్రం ఆన్‌లోనే ఉంచండి. మీటరును సున్నాకు తెచ్చి, బ్యాటరీ నుంచి ఇన్వర్టర్‌కు వెళ్లే ఎర్ర కేబుల్ చుట్టూ పట్టండి. 1.2 యాంపియర్లు చూపి, బ్యాటరీ 51 వోల్టులు ఉంటే 61 వాట్లు అన్నమాట. ఇన్వర్టర్ డిస్‌ప్లేలో కనిపించే లోడు శాతాన్ని నమ్ముకోవద్దు, అది మామూలుగా బయటికి ఇచ్చేదే చూపుతుంది. లిథియం బ్యాటరీల ఫోన్ యాప్‌లో కరెంటు కనిపిస్తుంది కానీ, కొన్ని ఇంత చిన్న కరెంటును సున్నాగా చూపిస్తాయి.

కొనకముందు అయితే స్పెసిఫికేషన్ కాగితంలో ‘నో లోడ్’ లేదా ‘సెల్ఫ్ కన్జంప్షన్’ అనే వరుస వెతకాలి. అక్కడొక మెలిక ఉంది. కొందరు పవర్ సేవర్ మోడ్ అంకె ఒక్కటే వేస్తారు. ఆ మోడ్‌లో ఇన్వర్టర్ నిద్రపోతూ, ఏదైనా లోడు వచ్చిందా అని మాటిమాటికీ తడిమి చూస్తుంది. వినడానికి బాగుంటుంది, కానీ అది లేవాలంటే లోడు ఒక హద్దు దాటాలి. చాలావాటిలో ఒక్క 9 వాట్ల బల్బు ఆ హద్దును దాటలేదు. వెలగకుండా ఉండిపోతుంది, లేదా మిణుకుమిణుకుమంటుంది. ఫోన్ ఛార్జరుదీ అదే పరిస్థితి. మన ఇంటి లోడంతా ఇలాంటి చిల్లర లోడే కనుక ఈ మోడ్ మీద ఆశ పెట్టుకోకపోవడం మేలు.

మరి మోటారు ఉంటే? షాపువాడి భయం పూర్తిగా ఉత్తది కాదు. ఒక హెచ్‌పీ మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కరెంటుకు ఎన్నో రెట్లు లాగుతుంది, 1 కేవీఏ ఇన్వర్టర్ దాన్ని లేపలేదు. కానీ ఆ మోటారు నడిచేది రోజుకు గంటో అరగంటో. ఆ గంట కోసం మిగతా 23 గంటలు 60 వాట్లు పొయ్యడం కన్నా, ఇంటికి చిన్న ఇన్వర్టర్ ఎప్పుడూ నడిచేలా పెట్టి, పెద్దదాన్ని మోటారుకు మాత్రమే కలిపి, అవసరమైనప్పుడు స్విచ్ వేసుకోవడం నయం. పెద్దది ఇప్పటికే కొనేసినవాళ్లకూ ఇదే దారి. పని అయ్యాక దాన్ని దాని సొంత స్విచ్ దగ్గరే ఆపాలి, మోటారు స్టార్టర్ ఆపితే చాలదు. ఫ్రిజ్ సంగతి వేరు. అది రోజంతా ఆగుతూ నడుస్తుంది కాబట్టి ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఇన్వర్టరే దాన్ని మొయ్యాలి, అప్పుడు 1 కేవీఏకు బదులు ఒక మెట్టు పైది, 2 కేవీఏ దాకా, చూసుకోవడం సబబు.

కరెంటు కోతలకు మాత్రమే ఇన్వర్టర్ వాడే ఇళ్లలో నష్టం ఇంత ఉండదు. లైను ఉన్నంతసేపూ అది కరెంటును నేరుగా ఇంట్లోకి వదిలేస్తుంది, బ్యాటరీని నిండుగా ఉంచడానికి కొంత వాడుకుంటుందంతే. ఇక బ్యాటరీ లేకుండా డిస్కమ్ లైనుకు కలిపే రూఫ్‌టాప్ సోలార్ ఇన్వర్టర్లు చీకటి పడగానే నిద్రపోతాయి, వాటికి ఈ లెక్క వర్తించదు.