ఏ ‘రద్దు’ నొక్కాలి?

బస్సు టికెట్లు అమ్మే ఒక యాప్ తెలుగులో ఉందనుకుందాం. ప్రయాణం మానుకున్న మనిషి దాన్ని తెరిచి, కొన్న టికెట్ దగ్గరికి వెళ్లి నొక్కితే ఒక చిన్న పెట్టె వస్తుంది. ‘ఈ టికెట్‌ను రద్దు చేయాలా?’ అని అడుగుతుంది. కింద రెండు బటన్లు. ఒకదాని మీద ‘రద్దు చేయి’, ఇంకోదాని మీద ‘సరే’. ఏది నొక్కాలి? తెలుగు చదవగలిగిన ఎవరైనా ‘రద్దు చేయి’నే నొక్కుతారు. కానీ ఆ బటన్ టికెట్ జోలికి పోదు, పెట్టెను మూసేసి ఊరుకుంటుంది. బస్సు వెళ్లిపోతుంది, డబ్బు వెనక్కి రాదు, మర్నాడు కస్టమర్ కేర్‌కు ఫోన్ వస్తుంది.

ఇక్కడ ఏ మాటకామాట చూస్తే తప్పేమీ కనిపించదు. `Cancel` అన్న చోటల్లా ‘రద్దు చేయి’ అని పెట్టారు. ఒక మాటకు అంతటా ఒకే అనువాదం ఉండాలన్న నియమాన్ని అక్షరాలా పాటించారు. చిక్కు అక్కడే వచ్చింది. కంప్యూటర్ ఇంగ్లిష్‌కు అలవాటు పడ్డవారికి ఆ బటన్ అంటే ‘ఇప్పుడు చేస్తున్న పని వదిలేసి వెనక్కి పో’ అని తెలుసు. తెలుగులో రద్దుకు ఆ అలవాటు లేదు. రైలు రద్దవుతుంది, సెలవులు రద్దవుతాయి, సభ రద్దవుతుంది. ఉన్నది లేకుండా పోతేనే రద్దు.

యాప్‌ల తెలుగు పని చేసే చోట భాషా ఇంటర్న్‌గా చేరినవారికి మొదట ఎదురయ్యేది ఇలాంటి తగువే. వారి ముందు యాప్ ఉండదు, ఒక పట్టిక ఉంటుంది. ఎడమవైపు ఇంగ్లిష్ మాటలు, కుడివైపు ఖాళీ గడులు. ఆండ్రాయిడ్ యాప్ అయితే ఆ పట్టిక వెనక `strings.xml` అనే ఫైలు ఉంటుంది. ఇంగ్లిష్ మాటలు `values` అనే ఫోల్డర్‌లోనూ, తెలుగు మాటలు `values-te` అనే ఫోల్డర్‌లోనూ ఉంటాయి. ఒక్కో మాటకూ ఒక తాళం పేరు ఉంటుంది, యాప్ ఆ పేరుతోనే మాటను పిలుచుకుంటుంది.

```xml
<string name="dialog_cancel">Cancel</string>
<string name="ticket_cancel">Cancel</string>
<string name="bus_cancelled">Cancelled</string>
```

ఇంగ్లిష్ గడిని మాత్రమే చూసేవారికి ఇవి మూడూ దాదాపు ఒకటే. తాళం పేరు చదివేవారికి మూడు వేర్వేరు సంగతులు కనిపిస్తాయి. మొదటిది పెట్టె మూయడం. రెండోది ప్రయాణికుడు టికెట్ వదులుకోవడం. మూడోది బస్సు నడిపేవారే ఆ రోజు బస్సు ఆపేయడం. మూడోది జరిగితే తప్పు ప్రయాణికుడిది కాదు కాబట్టి అతను కోతల గురించి, రీఫండ్ గురించి వేరే సందేశం ఎదురుచూస్తాడు. అందుకే తెలుగులో ‘వద్దు’, ‘టికెట్ రద్దు చేయి’, ‘బస్సు రద్దయింది’ అని మూడు రకాలుగా రాస్తే ఎవరికీ అనుమానం రాదు. ఇంగ్లిష్ మాట ఒకటే అయినా తెలుగు మారింది. అయినా పద్ధతి తప్పలేదు, ఎందుకంటే యాప్‌లో ఎక్కడ టికెట్ వదులుకునే సంగతి వచ్చినా అది రద్దే, ఎక్కడ వెనక్కి పోవాల్సి వచ్చినా అది ‘వద్దు’నే.

అన్నిసార్లూ ఇంత సులువుగా తేలదు. ప్రోగ్రామర్ ఒకే తాళాన్ని రెండు చోట్ల వాడి ఉంటే అనువాదకులు ఎంత తల బద్దలు కొట్టుకున్నా రెండు తెలుగు మాటలు పెట్టలేరు. ఉచిత సాఫ్ట్‌వేర్లలో ఎక్కువగా కనిపించే పీఓ ఫైళ్లలోనూ ఇంతే. ఒకే ఇంగ్లిష్ మాట పదిచోట్ల ఉంటే అవన్నీ కలిసి ఒక్క వరుసగా వస్తాయి, `msgctxt` అనే గుర్తు తగిలిస్తేనే విడిపోతాయి. ఆ గుర్తు పెట్టాల్సింది ప్రోగ్రామర్. కాబట్టి ఇంటర్న్ చేయాల్సిన పని ప్రోగ్రామర్‌కు ఒక చీటీ రాయడం: ‘టికెట్ రద్దు అడిగే పెట్టెకు వేరే తాళం కావాలి, అందులో బటన్లు టికెట్ రద్దు చేయి, టికెట్ ఉంచు అని రావాలి.’ తెర ఫొటో ఒకటి జత చేస్తే ఆ చీటీకి జవాబు తొందరగా వస్తుంది.

మాటలు ఖాయమయ్యాక వాటిని పదపట్టికలో రాసి పెడతారు. యాప్‌లో మళ్లీ మళ్లీ వచ్చే మాటలనే అందులోకి తీసుకోవాలి. బస్సు యాప్‌కు టికెట్, సీటు, రద్దు, రీఫండ్, ఎక్కే చోటు, దిగే చోటు, ప్రయాణికులు లాంటివి కొన్ని పదులుంటే చాలు. ఒక్కో వరుసలో ఇంగ్లిష్ మాట, ఈ యాప్‌లో దాని అర్థం ఒక్క వాక్యంలో, ఎంచుకున్న తెలుగు, ఫలానా మాట వాడొద్దన్న హెచ్చరిక, ఎందుకు ఎంచుకున్నామన్న కారణం ఉండాలి. చాలా పట్టికల్లో ఈ చివరి గడి ఖాళీగా ఉంటుంది. కారణం లేకపోతే తరవాత వచ్చినవారు తమకు నచ్చిన మాటతో మళ్లీ మొదలుపెడతారు.

ఏ మాట ఎంచుకోవాలన్నదానిపై తెలుగులో రెండు దారులున్నాయి. స్వచ్ఛందంగా తెలుగు చేసినవారు ‘అమరికలు’, ‘దస్త్రం’ లాంటి మాటలు ఎక్కువగా తెచ్చారు. తెలుగు వికీపీడియాలో వాడుకరి తన ఇష్టాలు మార్చుకునే పేజీ పేరు ‘అభిరుచులు’. ఫోన్లలో మాత్రం ‘సెట్టింగ్‌లు’ స్థిరపడింది. రెండు దారుల్లో దేన్ని పట్టుకున్నా చదివేవారు అలవాటు పడతారు. ఒకే యాప్‌లో రెండూ కలిస్తేనే కష్టం. సహాయం పేజీ ‘సెట్టింగ్‌లలోకి వెళ్లండి’ అంటుంది. తెర మీద ఉన్న బటన్ ‘అమరికలు’. రెండూ ఒకటేనని ఎవరు చెప్పాలి? ఒక విడతలో పనిచేసినవారు ఒక మాట, ఆ తరవాతివారు ఇంకో మాట రాయడంతో ఇలా అవుతుంది. డబ్బు వ్యవహారంలో ఇది ఇంకా ఇబ్బంది. ఒక తెర మీద ‘రీఫండ్’, మరో తెర మీద ‘వాపసు’, మూడోచోట ‘తిరిగి చెల్లింపు’ కనిపిస్తే తనకు రావాల్సింది మూడు రకాల డబ్బా అని మనిషి తికమకపడతాడు.

వర్ణక్రమం కూడా ఇందులో భాగమే. సెట్టింగ్‌లు, సెట్టింగులు, సెట్టింగ్స్ మూడూ వాడుకలో ఉన్నాయి. మొదటి దాంట్లో గకార పొల్లుకూ ‘లు’కూ మధ్య కంటికి కనిపించని ఒక అక్షరం ఉంటుంది. యూనికోడ్‌లో దాని సంఖ్య U+200C. అది లేకపోతే లకారం ఒత్తుగా మారి గకారం కిందికి చేరుతుంది. అది ఉన్న మాటనూ లేని మాటనూ చాలా ప్రోగ్రాములు వేర్వేరు మాటలుగానే చూస్తాయి. అందుకని సహాయం పేజీల్లో వెతికితే ఒకటి దొరికి ఇంకోటి దొరకదు.

పదపట్టిక ఎంత బాగున్నా వ్యాకరణం దగ్గర అది చేతులెత్తేసే సందర్భం ఒకటుంది. ఊళ్ల పేర్లు ఫైలులో ఉండవు. వాటి చోట `%1$s` లాంటి గుర్తు ఉంటుంది, యాప్ నడిచేటప్పుడు ఆ గుర్తు స్థానంలో పేరు వచ్చి కూర్చుంటుంది. కొత్తవారు `%1$sకు బస్సు` అని రాస్తారు. విజయవాడకు బస్సు, ఒంగోలుకు బస్సు అన్నంత వరకు బాగానే ఉంటుంది. తిరుపతి వచ్చేసరికి ‘తిరుపతికు’ అవుతుంది. ఖమ్మం, విజయనగరం వస్తే ‘ఖమ్మంకు’, ‘విజయనగరంకు’ అని తెర మీద పడతాయి. తెలుగులో ఖమ్మానికి, విజయనగరానికి అనాలి. పేరు చివర ఏముందో చూసి విభక్తి మార్చే తెలివి ఆ గుర్తుకు లేదు.

దీనికి మందు బస్టాండులోనే దొరుకుతుంది. మైకులో చెప్పేవారు ‘ఖమ్మం వెళ్లే బస్సు’ అంటారు. వెళ్లే అన్నప్పుడు ఊరి పేరు ఉన్నదున్నట్టే ఉంటుంది. ‘నుంచి’ కూడా పేరును కదిలించదు. కాబట్టి వాక్యాన్ని ఇలా రాస్తే ఏ ఊరు వచ్చినా చెడదు:

```xml
<string name="route">%1$s నుంచి %2$s వెళ్లే బస్సు</string>
<plurals name="seats_left">
  <item quantity="one">%d సీటు ఉంది</item>
  <item quantity="other">%d సీట్లు ఉన్నాయి</item>
</plurals>
```

కింద ఉన్నది ఏకవచనం, బహువచనం కోసం. తెలుగుకు రెండు రూపాలు ఇవ్వాలి. ఒకటికి ఒకటి, మిగతా అన్నిటికీ ఇంకోటి. సున్నా కూడా ఆ రెండోదాంట్లోకే పోతుంది కాబట్టి బస్సు నిండిపోతే ‘0 సీట్లు ఉన్నాయి’ అని వస్తుంది. ‘సీట్లు లేవు’ అనిపించాలంటే దానికి వేరే తాళం అడగాలి. ఇలాంటి వాక్యాల నమూనాలు కూడా పదపట్టిక పక్కన రాసుకుంటారు. బటన్ల మీద ‘చేయి’ ఉండాలా ‘చేయండి’ ఉండాలా అన్నది కూడా అక్కడే తేలాలి. బటన్ అంటే మనిషి ఫోన్‌కు చెప్పే మాట కాబట్టి ‘చేయి’ చాలని, సందేశం ఫోన్ మనిషికి చెప్పేది కాబట్టి ‘చేయండి’ ఉండాలని కొందరు పెట్టుకుంటారు. అంతటా ‘అండి’ ఉండాలనేవారూ ఉన్నారు.

పని అయ్యాక సరిచూడటం రెండు విధాలుగా సాగుతుంది. మొదటిది పట్టికలో. ఇంగ్లిష్ వైపు `refund` ఉన్న వరుసలన్నీ ఒకచోటికి తెచ్చి తెలుగు వైపు పైనుంచి కిందికి చదివితే పొసగని మాట వెంటనే కంట పడుతుంది. వెబ్లేట్ లాంటి పనిముట్లు ఒకే ఇంగ్లిష్‌కు రెండు తెలుగులున్నా, `%d` లాంటి గుర్తు జారిపోయినా వాటంతట అవే ఎత్తి చూపుతాయి. అయితే టికెట్ రద్దు లాంటి చోట రెండు తెలుగులు కావాలనే పెడతారు కాబట్టి ఆ హెచ్చరికను మనిషి చూసి పక్కన పెట్టాల్సిందే.

రెండోది ఫోన్‌లో. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయేలా ఎత్తు బిగించిన బటన్‌లో తెలుగు ఒత్తులు తెగిపోతాయి. ‘స్త్రీల సీటు’ అని రాస్తే సకారం కిందున్న తకార, రకార ఒత్తులు బటన్ అంచు కిందికి పోయి మాట సగమే కనిపించవచ్చు. ఫోన్‌లో అక్షరాల సైజు పెంచి చూస్తే ఇది బయటపడుతుంది. దానికోసం మాట మార్చి ‘మహిళల సీటు’ అనడం పైపూత మాత్రమే. ఒత్తులున్న ఇంకో మాట వస్తే మళ్లీ అదే కథ. బటన్ ఎత్తు బిగించకుండా వదలమని ప్రోగ్రామర్‌కు చెప్పాలి.

యాప్ బయట ఉన్న మాటలు ఇంతకంటే మొండివి. టికెట్ రద్దయ్యాక వచ్చే ఎస్ఎంఎస్ యాప్ ఫైలులో ఉండదు. మన దేశంలో సంస్థలు పంపే సందేశాల నమూనాలను ముందే టెలికాం కంపెనీల దగ్గర నమోదు చేయించాలి. తరవాత ‘వాపసు’ను ‘రీఫండ్’గా మార్చాలన్నా కొత్త నమూనాను మళ్లీ నమోదు చేయించక తప్పదు. పైగా ఇంగ్లిష్ సందేశం ఒకదాంట్లో 160 అక్షరాలు పడితే, తెలుగులో 70 మాత్రమే పడతాయి. ఒత్తులు, గుణింతాలు, పొల్లు విడివిడిగా లెక్కలోకి వస్తాయి. ‘రద్దు’ కంటికి రెండక్షరాలే అయినా లెక్కలో ఐదు. అది దాటితే రెండో సందేశానికి కూడా సంస్థ డబ్బు కట్టాలి. అందుకే అనుభవమున్నవారు ఇంటర్న్ చేత ఎస్ఎంఎస్ నమూనాలనే ముందు రాయిస్తారు. 70 అక్షరాల్లో ఇమిడిన మాటలే తరవాత యాప్‌లోకి, సహాయం పేజీల్లోకి, కస్టమర్ కేర్ వారు చూసి చదివే కాగితంలోకి వెళతాయి.