చేతి గడియారం ‘కనెక్ట్ కాలేకపోతున్నా’ అంటే

ఆపిల్ వాచీ సెట్టింగ్స్‌లో సిరి పేజీ తెరిచి, అక్కడి ‘Raise to Speak’ ఆన్ చేయండి. ఇక చేతులకు పిండి అంటుకుని ఉన్నా, మణికట్టు నోటి దగ్గరికెత్తి “సెట్ ఎ టైమర్ ఫర్ టెన్ మినిట్స్” అంటే చాలు. వంటింట్లో నాకు దీన్ని మించిన సాయం లేదు. “కాల్ అమ్మ” అన్నా పలుకుతుంది, కాంటాక్ట్స్‌లో ఆ పేరు ఉంటే.

సిమ్ సౌకర్యం లేని వాచీ ఎక్కువగా ఫోన్ నెట్‌నే వాడుకుంటుంది. ఫోన్ మేడ మీద చార్జింగ్‌లో పెట్టి, మీరు వీధి చివరి కొట్టుకు వెళ్లారనుకోండి. బ్లూటూత్ అంతదూరం అందదు, తెలిసిన వైఫై కూడా ఉండదు. అప్పుడే కనెక్ట్ కాలేనంటుంది. కంట్రోల్ సెంటర్ తెరిచి చూడండి: ఎర్ర ఫోన్ బొమ్మ ఉంటే బంధం తెగినట్టే. ఆకుపచ్చది ఉన్నా పలకకపోతే ఫోన్‌లో ఏదైనా వెబ్ పేజీ తెరవండి. అదీ రాకపోతే లోపం ఫోన్ నెట్‌లో ఉంది.