పేరు తీసేసిన బయోడేటా

పబ్లిక్ పరీక్షల జవాబు పత్రం దిద్దేవారి చేతికి వెళ్లేముందు, అది ఎవరిదో తెలిపే వివరాలు తీసేసి కోడ్ నంబరు వేస్తారు. ఎవరి బిడ్డో తెలియకుండా మార్కులు పడాలని. ఉద్యోగ దరఖాస్తులకూ ఇలాగే చేయాలన్న ఆలోచన చాలా దేశాల్లో వచ్చింది. అందుకు గట్టి కారణమే ఉంది. సుఖదేవ్ థొరాట్, పాల్ అటెవెల్ మన దేశంలోని ప్రైవేటు కంపెనీల ప్రకటనలకు సమానమైన అర్హతలతో దరఖాస్తులు పంపి, పేర్లు మాత్రం మార్చి చూశారు. అగ్రకుల హిందువులకు ఉండే పేర్లతో పోలిస్తే దళితుల పేర్లకు పిలుపులు తగ్గాయి, ముస్లిం పేర్లకు ఇంకా తగ్గాయి. ఆ ఫలితాలు 2007లో వెలువడ్డాయి.

మరి పేరు తీసేస్తే? ఫ్రాన్స్ దీన్ని నిజంగా పరీక్షించి చూసింది. 50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు పేర్లు లేని దరఖాస్తులే చూడాలని అక్కడ 2006లో చట్టం చేశారు గానీ, అమలు చేసే ఉత్తర్వు రాలేదు. ముందు తేల్చుకుందామని 2009 చివర్లో ప్రభుత్వ ఉపాధి సంస్థ సుమారు వెయ్యి కంపెనీలతో ప్రయోగం మొదలుపెట్టింది. ఖాళీకి తగిన దరఖాస్తులను ఉపాధి సంస్థ ఉద్యోగులే ఏరేవారు. ఏ ఖాళీకి పేర్లు దాచాలో, దేనికి ఉంచాలో లాటరీ తేల్చేది. దాచాల్సి వస్తే పేరు, ఫొటో, చిరునామా, వయసు వంటివన్నీ తీసేసి నంబరు వేసి పంపేవారు.

ఫలితం ఎవరూ ఊహించనిది. వలస కుటుంబాలవారికీ, పేద పేటల్లో ఉండేవారికీ పేరు కనిపించినప్పుడు పదిమందిలో ఒకరికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. మిగతావారికి ఎనిమిదిమందిలో ఒకరికి. పేరు దాచాక మొదటివారిలో 22 మందికి ఒక్కరే మిగిలారు. రెండోవారిలో ఆరుగురికి ఒకరయ్యారు. తగ్గించాలనుకున్న తేడా పెరిగిపోయింది!

ఎందుకిలా? ఒక కారణం సూటిగానే ఉంది. ప్రయోగంలో చేరడం కంపెనీల ఇష్టానికి వదిలేశారు. ఒప్పుకున్నవి చాలావరకు అప్పటికే ఇలాంటివారిని పిలుస్తున్న కంపెనీలు. వివక్ష ఎక్కువగా ఉన్నచోట ఈ పద్ధతి ఏం చేసేదో ఆ లెక్కలు చెప్పలేవు.

రెండో కారణం లోతైనది. ఒక దరఖాస్తులో రెండేళ్లు ఏ ఉద్యోగమూ లేని ఖాళీ ఉందనుకోండి. చిరునామా కనిపిస్తే, ‘ఆ పేటవాళ్లకు పని దొరకడమే కష్టం, ఇతని తప్పు కాకపోవచ్చు’ అని చదివేవారు కాస్త ఆలోచిస్తారు. చిరునామా చెరిపేస్తే ఖాళీ మాత్రం మిగులుతుంది. అది సోమరితనంలా కనిపిస్తుంది. పేరుతోపాటు ఆ ఖాళీకి సాక్ష్యం చెప్పే మనిషి కూడా పోయాడన్నమాట.

జవాబు పత్రానికీ బయోడేటాకూ తేడా ఇక్కడే ఉంది. జవాబు పత్రంలో అందరూ ఒకే ప్రశ్నలకు రాస్తారు. బయోడేటాలో ఎవరికి దొరికిన అవకాశాలు వాళ్లు రాస్తారు. ఖరీదైన కాలేజీ, తెలిసినవాళ్ల కంపెనీలో ఇంటర్న్‌షిప్, విరామం లేని ఉద్యోగాలు: వీటికే మార్కులు వేస్తే, పేరు దాచినా అవకాశాలకే మార్కులు పడతాయి.

పైగా పేరు చెరిపినంత మాత్రాన మనిషి దాగడు. మన దరఖాస్తుల్లో ఈమెయిల్ ఐడీలోనే ఇంటిపేరు ఉంటుంది. ఆ ఇంటిపేరును బట్టి కులం ఊహించేవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. సాంఘిక సంక్షేమ గురుకులం అన్న ఒక్క మాట, తెలిసిన చదువరికి చాలా చెప్పేస్తుంది. దాపరికం నిలిచిందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. మార్కులు వేశాక, అభ్యర్థి ఆడా మగా, ఏ ప్రాంతమో ఊహించి రాయమని దిద్దినవారినే అడగాలి. గుడ్డిగా చెప్పినదానికన్నా చాలా ఎక్కువసార్లు సరిగ్గా చెబితే వివరాలు ఎక్కడో బయటపడుతున్నట్టే.

అందుకని ఈ పద్ధతి దండగ అనడం నాకు ఒప్పుకోలు కాదు. అదే ఫ్రాన్స్ ప్రయోగంలో మగ అధికారులు మగవారినీ, ఆడ అధికారులు ఆడవారినీ ఎక్కువగా పిలిచే అలవాటు పేర్లు దాచాక పోయింది. చూపులోని మొగ్గును ఇది ఆపగలదు. కొలతలోని మొగ్గును ఆపలేదు. కాబట్టి కొలత మార్చాలి. బయోడేటాకు బదులు ఆ ఉద్యోగంలో నిజంగా ఎదురయ్యే నాలుగు పనులు ఇచ్చి, అందరిచేతా రాయించాలి. వివరాలు దాచే మనిషి వేరు, మార్కులు వేసే మనిషి వేరుగా ఉండాలి. ఒక్కొక్కరి పత్రం మొత్తం కాకుండా, మొదటి ప్రశ్నకు అందరి జవాబులూ దిద్దాకే రెండో ప్రశ్నకు వెళ్లాలి. మార్కులు ఖరారయ్యాకే నంబర్ల వెనక పేర్లు విప్పాలి.

ఇంటర్వ్యూ గదిలో ముఖం, యాస, పేరు అన్నీ తిరిగి వస్తాయి. అక్కడ కూడా అందరికీ ఒకే ప్రశ్నలు ముందే రాసిపెట్టుకుని, జవాబు విన్న వెంటనే మార్కు వేయకపోతే, మొదటి గదిలో ఆపిన మొగ్గు రెండో గదిలో తన పని తాను చేసుకుపోతుంది. ఫ్రాన్స్ చివరికి 2015లో పేర్లు దాచడాన్ని కంపెనీల ఇష్టానికే వదిలేసింది.