అద్దె కడతాం, అద్దె ఖాతాలో రాయం

ఒక పెద్ద బట్టల కంపెనీ విజయవాడలో మూడేళ్లకు షాపు అద్దెకు తీసుకుందనుకుందాం. అద్దె నెలకు లక్ష, నెలాఖరున కట్టాలి. పాత పద్ధతిలో అయితే నెలనెలా లక్ష అద్దె ఖర్చు రాస్తే సరిపోయేది. లిస్టెడ్ కంపెనీలు, మరికొన్ని పెద్ద కంపెనీలు పాటించే ఇండ్ ఏఎస్ 116 ప్రమాణం 2019 ఏప్రిల్ 1 నుంచి ఆ పద్ధతిని మార్చేసింది. ఏడాదికి మించని లీజుల్లాంటి వాటికి మాత్రం మినహాయింపు ఉంది.

దీని లెక్క ఏమిటంటే, మూడేళ్లు షాపు వాడుకునే హక్కు ఒక ఆస్తి, కట్టాల్సిన అద్దెలు ఒక అప్పు. అప్పు 36 లక్షలు కాదు. కంపెనీకి బయట 12 శాతానికి, అంటే నెలకు ఒక శాతానికి అప్పు పుడుతుందనుకుంటే, చివరి నెల ఇచ్చే లక్షకు ఈనాటి విలువ 69,892 రూపాయలే. అలా 36 వాయిదాలకూ లెక్కగట్టి కూడితే 30,10,751. ఈఆర్‌పీలో అద్దె, గడువు, వడ్డీ రేటు నింపితే ఈ అంకె అదే తీసి, ఆస్తివైపు, అప్పువైపు ఒకేసారి రాస్తుంది.

మొదటి నెలాఖరున అప్పు మీద వడ్డీ 30,108 పడుతుంది. కట్టిన లక్షలో ఆ వడ్డీ పోగా 69,892 అసలుకు జమ. ఆస్తి విలువను 36 నెలలకు సమానంగా పంచితే తరుగుదల 83,632. రెండూ కలిపి ఖర్చు 1,13,740. కట్టింది లక్షే కదా అని యజమాని కళ్లు పెద్దవి చేస్తాడు! అప్పు తగ్గేకొద్దీ వడ్డీ తగ్గి, చివరి నెల ఖర్చు 84,622కు దిగుతుంది. మూడేళ్ల మొత్తం మాత్రం అదే 36 లక్షలు.

తప్పు జరిగేది ఈ లెక్కలో కాదు, బిల్లు దగ్గర. చాలాచోట్ల లీజు మాడ్యూల్ ప్రతి నెలా లక్షను అప్పు ఖాతాలోంచి తీసి క్లియరింగ్ ఖాతాలో జమకడుతుంది. షాపు ఓనరు బిల్లును ఆ ఖాతాలోనే ఖర్చు రాయాలి, అప్పుడు రెండూ చెల్లుకు చెల్లు. కానీ బిల్లులు ఎక్కించే గుమాస్తా చేయి అలవాటుగా అద్దె ఖాతా మీదికే పోతుంది. ఆ నెల ఖర్చు 2,13,740 అవుతుంది. అప్పు షెడ్యూలు చూస్తే అంతా సవ్యంగానే ఉంటుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు.

పట్టుకోవాలంటే నెలాఖరున క్లియరింగ్ ఖాతా చూడాలి. అక్కడ సున్నా ఉండాలి. మూడు లక్షలు జమ నిలిచి ఉంటే మూడు బిల్లులు దారి తప్పినట్టే. వాటిని అద్దె ఖాతాలోంచి తీసి క్లియరింగ్‌కు మార్చే జర్నల్ ఒకటి వేస్తే పాత లెక్క సరిపోతుంది. ఆ ఓనరు పేరు మీద సిస్టంలో ముందే పెట్టి ఉన్న అద్దె ఖాతాను కూడా మార్చకపోతే, నాలుగో బిల్లూ అక్కడికే వెళ్తుంది.