స్టోర్‌లో అన్నిటినీ ఒకేలా ఎందుకు లెక్కపెట్టరు?

ఫ్యాక్టరీ స్టోర్‌లో కొన్ని స్పేర్లను నెలనెలా, కొన్నిటిని ఏడాదికోసారి లెక్కపెడతారు. ఎందుకు? ఖరీదైనవాటిని మాత్రం చూసుకుంటే చాలదా?

బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. అది నడిచిన రోజుల్లో అక్కడ ఉండేటటువంటి మిల్లు స్టోర్ ఒకటి అనుకుందాం. వేల రకాల సామాన్లు, మనుషులేమో కొద్దిమంది. అన్నిటినీ నెలనెలా లెక్కపెట్టడానికి కూర్చుంటే ఇష్యూలు రాసేవారే ఉండరు.

కాబట్టి ముందు చూడాల్సింది ఒక్క ధర కాదు, ఏడాది వాడకం విలువ. ఏడాదిలో ఎన్ని వాడామో దాన్ని ఒక్కోదాని ధరతో గుణించాలి. లెక్క కోసం అయిదే సామాన్లు తీసుకుందాం. చక్కెర వేరుచేసే సెంట్రిఫ్యూగల్ జల్లెడలు 12, ఒక్కోటి 15,000: మొత్తం 1,80,000. బేరింగులు 40, ఒక్కోటి 2,500: లక్ష. ఎనిమిది రూపాయల బోల్టులు 5,000: 40,000. గ్లాండ్ ప్యాకింగ్ మొత్తం 12,000, ఒక్కోటి నాలుగు వందల బెల్టులు మొత్తం 8,000. అన్నీ కలిపి 3,40,000. అందులో జల్లెడలూ బేరింగులే 82 శాతం. అవి ‘ఏ’ వర్గం, బోల్టులు ‘బీ’, మిగతావి ‘సీ’. నాలుగు వందల బెల్టుకంటే ఎనిమిది రూపాయల బోల్టు పై వరుసలోకి వచ్చింది చూశారా! వేల రకాలున్న స్టోర్‌లో ఏలోకి వచ్చేవి పదీ ఇరవై శాతమే ఉంటాయి. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన ఫోర్డ్ డికీ 1951లో ఈ పద్ధతిని రాసి పెట్టారు.

ఇక లెక్క ఎలా? ‘ఏ’ వర్గం సామాన్లు నెలకోసారి, బీ మూడు నెలలకోసారి, సీ క్రషింగ్ లేని రోజుల్లో ఏడాదికోసారి. లెక్కపెడుతున్నంతసేపూ ఆ సామాను ఇష్యూ ఆపాలి, లేదంటే కార్డూ అరా ఎన్నటికీ కలవవు. బోల్టులను ఒక్కొక్కటిగా లెక్కించక్కర్లేదు, తూకం వేసి సంఖ్య కట్టొచ్చు. తేడా వస్తే కార్డులో అంకె దిద్దేసి ఊరుకోకూడదు, కారణం వెతకాలి. చాలాసార్లు రాత్రి షిఫ్టులో అర్జెంటుగా తీసుకుపోయి స్లిప్పు రాయనిదే ఉంటుంది.

అయితే ఈ పద్ధతికి డబ్బు తప్ప మరేమీ కనబడదు. చిన్న షియర్ పిన్ను సీలో పడుతుంది. సీజన్ మధ్యలో అది లేక మిల్లు ఆగితే, కోసిన చెరుకులో గంటగంటకూ చక్కెర తగ్గిపోతుంది. అందుకే ప్రాణాధారమైనవాటికి వేరే గుర్తు పెట్టి, సీలో ఉన్నా కనీస నిల్వ తగ్గనివ్వరు. పెద్ద గేరు సంగతి ఇంకోలా ఉంటుంది. నాలుగేళ్లు వాడకపోతే దాని వాడకం విలువ సున్నా, అదీ సీలోకే జారుతుంది. కానీ దానిలో లక్షలు ఇరుక్కుని ఉంటాయి, గ్రీజు ఆరితే తుప్పు పడుతుంది. అలాంటివాటికి విడిగా జాబితా రాసుకుని కళ్లారా చూసి రావాల్సిందే. ధరలూ వాడకమూ మారుతుంటాయి గనుక ఏటా సీజన్‌కు ముందు గుణకారమంతా మళ్లీ చేస్తారు. నిరుటి సీ ఈసారి ఏ కావచ్చు.